ఆఫీసులో సరదా, వేధింపు: మధ్యనున్న గీత

పనిచేసే చోట ఇద్దరి మధ్య ఇష్టంగా నడిచే సరదా మాట వేరు, ఒకరికి ఇష్టం లేకపోయినా మరొకరు తీసుకునే చనువు వేరు. చిక్కేమిటంటే రెండూ ఒకే మాటతో మొదలుకావచ్చు. “ఈ చీర మీకు బాగా నప్పింది” అని పక్క సీటులోని స్నేహితుడు అంటే ఆమె నవ్వి ఊరుకుంటుంది. అదే మాటను మేనేజరు తన గదిలోకి పిలిచి, ఎగాదిగా చూస్తూ, వారంలో మూడోసారి అంటే ఆ మర్నాడు ఏం కట్టుకోవాలో ఆలోచిస్తూ ఆమె బీరువా ముందు నిలబడిపోతుంది. అందుకే ఫలానా మాటలు అనవచ్చు, ఫలానావి అనకూడదు అని జాబితా రాసి గీత గీయడం కుదరదు.

2013లో వచ్చిన చట్టం, ఆఫీసుల్లో అందరూ పోష్ చట్టం అని పిలిచేది, ఈ చిక్కును ఒక్క షరతుతో విప్పింది. లైంగిక స్వభావం ఉన్న చేష్ట, మాట, సైగ, కోరిక ఏదైనా సరే, ఆ స్త్రీకి అది ఇష్టం లేనిదై ఉంటే వేధింపు. తాకడం, మీదమీదకు రావడం, లైంగిక కోరిక తీర్చమని అడగడం, ద్వంద్వార్థాల మాటలు, అశ్లీల చిత్రాలు చూపించడం లాంటివి చట్టంలో విడివిడిగా ఉన్నాయి కానీ వాటన్నిటికీ తలుపు ఆ ఒక్క షరతే. ఈ చట్టం ఆఫీసులో ప్రేమను నిషేధించలేదు. ఇద్దరు సహోద్యోగులు ఒకరినొకరు ఇష్టపడి పెళ్లి చేసుకుంటే దానితో ఏ కమిటీకీ పని లేదు. ఒకసారి మర్యాదగా “కాఫీకి వెళ్దామా?” అని అడిగి, “వద్దండీ” అంటే “సరే” అని వెళ్లిపోయినవాడు తప్పు చేసినట్టూ కాదు.

కుర్రకారు భాషలో చెప్పాలంటే పులిహోర కలపడం హద్దులోనే ఉందో లేదో చూడటానికి మూడు ఆనవాళ్లున్నాయి. మొదటిది, మాట రెండు వైపుల నుంచీ రావాలి. ఒకరు పది మెసేజ్‌లు పెడితే రెండోవారు “ఊ” అని, బొటనవేలి బొమ్మ పెట్టి సరిపెడుతుంటే అక్కడ సంభాషణ లేదు. రెండోది, ఆపమన్నప్పుడు ఆగాలి. మూడోది, ఆపమన్నందుకు ఏ నష్టమూ రాకూడదు. మర్నాటి నుంచి మీటింగ్‌కు పిలవకపోవడం, షిఫ్టు మార్చడం, పనిలో తప్పులు వెతకడం మొదలైతే అంతకు ముందు జరిగినదంతా సరదా కాదని అప్పుడు బయటపడుతుంది.

ఈ గీత ఎలా జరిగిపోతుందో చూపించడానికి న్యాయశాస్త్రంలో బాగా పేరున్న ఒక అమెరికా కేసు ఉంది. ఎల్లిసన్ వర్సెస్ బ్రేడీ అనే ఆ కేసు కాలిఫోర్నియాలోని శాన్ మేటియోలో, ఆదాయపు పన్ను ఆఫీసులో మొదలైంది. 1986 జూన్‌లో ఒక ఉద్యోగిని సహోద్యోగితో కలిసి భోజనానికి వెళ్లింది. ఆ ఆఫీసులో అలా వెళ్లడం మామూలే. ఆ తరువాత అతను పని లేకపోయినా ఆమె సీటు చుట్టూ తిరగడం, అనవసరమైన ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. అక్టోబరులో సాయంత్రం డ్రింక్‌కు రమ్మని అడిగాడు. ఆమె ఇప్పుడు వద్దులెమ్మని, కావాలంటే వచ్చే వారం భోజనానికి చూద్దామని తప్పించుకుంది. ఆ వారం వచ్చాక మధ్యాహ్నం వేళ ఆఫీసులో లేకుండా చూసుకుంది. అతను మళ్లీ సూటు వేసుకొచ్చి అడిగాడు. ఆమె కాదంది.

అక్టోబరు 22న అతను ఫోన్ మెసేజ్‌లు రాసుకునే చీటీ మీద, ఆమె కోసం రాత్రి ఏడ్చానని, ఆమె ద్వేషాన్ని మరో రోజు భరించలేనని రాసి చేతికిచ్చాడు. ఆమె బెదిరి గదిలోంచి బయటకు వచ్చేసింది. తన పైఅధికారికి ఆ చీటీ చూపించింది. ఇది లైంగిక వేధింపేనని ఆ అధికారి అంటే, ముందు తానే చూసుకుంటానని చెప్పి, మరో మగ సహోద్యోగి చేత “ఆమెకు ఆసక్తి లేదు, వదిలెయ్” అని అతనికి చెప్పించింది. తరువాత శిక్షణ కోసం ఆమె వేరే నగరానికి వెళ్లింది. అక్కడికి అతని కార్డు, దానితోపాటు మూడు పేజీల ఉత్తరం వచ్చాయి. తమ మధ్య ఏదో బంధం ఉన్నట్టే ఆ ఉత్తరం నడిచింది. బెదిరింపు లేదు, బూతు లేదు, అతను ఆమెను తాకిందీ లేదు.

కింది కోర్టు దీన్ని చిన్న విషయమని కొట్టేసింది. 1991 జనవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పివేసింది. రాసినవాడి కోణం నుంచి చూస్తే అతను కేవలం ప్రేమికుడిలా కనిపించవచ్చునని ఆ తీర్పు ఒప్పుకుంది. అయినా కొలబద్ద అది కాదంది. అదే పరిస్థితిలో ఉన్న సాధారణ వివేకం గల స్త్రీకి ఆ ఉత్తరం ఎలా అనిపిస్తుందన్నదే కొలబద్ద అంది. తనకు తెలియకుండా ఒక మనిషి తనతో ఒక సంబంధాన్ని ఊహించుకుని అందులో బతుకుతున్నాడని తెలిస్తే ఎవరికైనా భయం వేస్తుంది. అత్యాచారానికి, దాడికి గురయ్యే ప్రమాదం స్త్రీలకే ఎక్కువ కాబట్టి మగవాడికి చిన్నదిగా తోచే చేష్ట వెనుక ఏం రాబోతోందోనని స్త్రీ ఆలోచిస్తుంది. కోర్టు ఎత్తిచూపిన తేడా ఇదే.

ఆమె వైపు నుంచి చూస్తే ఈ కేసులో మరో సంగతి కనబడుతుంది. మొదటి రోజునే “నాకు ఇష్టం లేదు” అని ఆమె ముఖం మీద చెప్పలేదు. “తరువాత చూద్దాం” అంది, భోజనం వేళ మార్చుకుంది, ఇంకొకరి చేత చెప్పించింది. మన ఆఫీసుల్లో కూడా స్త్రీలు చేసేది దాదాపు ఇదే. సూటిగా కాదంటే పొగరు అంటారని, టీమ్‌లో మాట పడుతుందని, రేపు అప్రైజల్ అతని చేతుల్లోనే ఉందని లెక్క వేసుకుంటారు. క్యాంటీన్‌కు వెళ్లే వేళ మారుస్తారు, అతను ఉన్న లిఫ్టు ఎక్కరు, క్యాబ్‌లో ముందు సీటులో కూర్చుంటారు. మాటల్లో “అన్నా” అని పిలవడం మొదలుపెడతారు. అది తెలుగు అమ్మాయిలకు బాగా తెలిసిన కంచె. మంగళసూత్రం చున్నీ పైకి తీసి వేసుకునేవారు కూడా ఉన్నారు. ఇవన్నీ వద్దని చెప్పే పద్ధతులే. ఎదుటివాడు అర్థం చేసుకోవాలనుకుంటే అర్థమవుతాయి.

ఆ సమయంలో నవ్వినందుకు తరువాత చాలామంది తమనే తిట్టుకుంటారు. పదిమంది ముందు డబుల్ మీనింగ్ మాట అంటే అందరితోపాటు నవ్వేయడం, భుజం మీద చెయ్యి పడితే బిగుసుకుపోయి మాట రాకపోవడం భయానికి, ఇబ్బందికి మనిషి చూపే స్పందనలు. అవి అంగీకారానికి గుర్తులు కావు. దీనిమీద బయటివారి వ్యాఖ్యలు కూడా తోడవుతాయి. “ఆయన అందరితోనూ అంతే”, “ఆ మాత్రం జోక్ తీసుకోలేవా”, “నువ్వే ఎక్కువగా ఆలోచిస్తున్నావ్” అనే మూడు మాటలు వినని ఉద్యోగిని ఉండదు. ఆ మాటలు నాలుగుసార్లు వినేసరికి తనకు జరిగిందేమిటో తనకే అనుమానం వస్తుంది. పనిలో ధ్యాస తగ్గడం, సెలవులు పెరగడం, ప్రమోషన్ వచ్చే ప్రాజెక్టును కూడా వదులుకోవడం ఆ తరువాత వచ్చేవి. వేధించినవాడు అక్కడే ఉండగా ఆమె ఉద్యోగం మారిపోవడం ఎక్కువసార్లు కనబడే ముగింపు. ఆఫీసు రికార్డులో అది “వ్యక్తిగత కారణాలతో రాజీనామా” అని నమోదవుతుంది.

ఎదుటివాడు పైఅధికారి అయితే గీత ఇంకా ముందుకు జరుగుతుంది. సమానస్థాయి వాళ్ల మధ్య “కాఫీకి వెళ్దామా?” అనేది ప్రశ్న. జీతం పెంపు, షిఫ్టు, సెలవు, కాంట్రాక్టు పొడిగింపు చేతిలో ఉన్నవాడు అడిగితే అది సగం ఆదేశం. చట్టం ఈ సంగతిని విడిగా పట్టించుకుంది. ఒప్పుకుంటే మేలు చేస్తానని నేరుగా గానీ చూచాయగా గానీ అనడం, ఒప్పుకోకపోతే ఉద్యోగానికి ముప్పుందని సూచించడం, ఆమె పని చేసుకోలేని వాతావరణం కల్పించడం, ఆరోగ్యమో భద్రతో దెబ్బతినేలా అవమానించడం వేధింపు కిందికే వస్తాయి. చూచాయగా అన్నది ఇక్కడ ముఖ్యం. “నువ్వు కాస్త కలివిడిగా ఉంటే ఆన్‌సైట్ నీకే” అనే మాటలో బూతు లేదు, చెప్పాల్సినదంతా ఉంది.

“నాకు అలాంటి ఉద్దేశం లేదు” అనేది ఇలాంటి ఫిర్యాదుల్లో తరచుగా వినిపించే సమాధానం. 2025 జనవరిలో మద్రాసు హైకోర్టు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ కేసులో దీనికి జవాబు చెప్పింది. పర్యవేక్షణ పేరుతో వెనుక దగ్గరగా నిలబడి భుజాలు తాకుతున్నాడని, ఇబ్బంది పెడుతున్నాడని ఒక మేనేజరు మీద ఉద్యోగినులు ఫిర్యాదు చేశారు. తన ఉద్యోగంలో భాగంగానే దగ్గరగా నిలబడ్డానన్నది అతని వాదన. చేసినవాడి ఉద్దేశం కన్నా ఆ చేష్ట ఆ స్త్రీకి ఎలా తగిలిందన్నదే ఈ చట్టంలో ప్రధానమని న్యాయస్థానం తేల్చింది.

“తాకలేదు కదా” అనే రెండో వాదనకు జవాబు అంతకన్నా పాతది. 1988 ఆగస్టు 12న ఢిల్లీలో ఒక ఎగుమతుల ప్రోత్సాహక మండలి చైర్మన్ దగ్గర ప్రైవేటు సెక్రటరీ ఒక టైపిస్టును డిక్టేషన్ పని మీద హోటల్‌కు తీసుకువెళ్లాడు. ఆమెకు డిక్టేషన్ తీసుకోవడంలో శిక్షణ కూడా లేదు. ఆమె అభ్యంతరం చెబుతున్నా మీదమీదకు వచ్చి కూర్చోబోయాడు, లిఫ్టులోనూ అదే ప్రయత్నం చేశాడు. ఆమె అత్యవసర బటన్ నొక్కి బయటపడింది. సంస్థ విచారించి అతన్ని తొలగించింది. నిజంగా తాకినట్టు రుజువు లేదంటూ ఢిల్లీ హైకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. 1999 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి తొలగింపు సరైనదేనంది. పైఅధికారి ప్రవర్తన ఆమె గౌరవానికి విరుద్ధంగా ఉంటే చాలు, ఒంటిమీద చెయ్యి పడిందా లేదా అన్న తర్కం అక్కర్లేదని ఆ తీర్పు సారం.

ఇక ఎదుర్కోవడం. దాడికి దారితీసే పరిస్థితి, ఒంటరిగా అడ్డగించడం, తాకడం లాంటివి జరిగితే మెట్లు లెక్కపెట్టుకోవాల్సిన పని లేదు. అక్కడి నుంచి బయటపడి నేరుగా ఫిర్యాదుకు వెళ్లవచ్చు. మిగతా సందర్భాల్లో, ముఖ్యంగా మెసేజ్‌లు, పొగడ్తలు, ఆహ్వానాలతో నడిచే వ్యవహారంలో, ఒక్కసారి స్పష్టంగా వద్దనడం బాగా పనిచేస్తుంది. నిజంగా తెలియక హద్దు దాటినవాడు అక్కడితో ఆగుతాడు. ఆగనివాడి మీద అదే సాక్ష్యమవుతుంది. వద్దని చెప్పి తీరాలని చట్టమేమీ షరతు పెట్టలేదు. చెప్పలేకపోయిన స్త్రీ ఫిర్యాదు అందువల్ల చెల్లకుండా పోదు.

ఆ వద్దు ఎలా ఉండాలన్నది ఒక ఊహా ఉదాహరణతో చూస్తే తేలిక. హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక కంపెనీ, రెండేళ్ల అనుభవం ఉన్న ఉద్యోగిని, ఆమె టీమ్ మేనేజరు అనుకుందాం. జనవరిలో రాత్రి పదిన్నర దాటాక “ఇంకా నిద్రపోలేదా?” అంటూ వాట్సాప్ మెసేజ్‌లు మొదలయ్యాయి. ఆమె ప్రొఫైల్ ఫొటో మీద వ్యాఖ్యలు, ఆదివారం లంచ్‌కు ఆహ్వానాలు తరువాత వచ్చాయి. ఆమె పని మాటకు జవాబిచ్చి తక్కినవి వదిలేస్తూ వచ్చింది. మార్చిలో ఇలా రాసింది: “సర్, ఆఫీసు పనికి సంబంధించినవి తప్ప వ్యక్తిగత మెసేజ్‌లు పంపకండి. బయట కలవడం నాకు ఇష్టం లేదు.” ఇందులో “సారీ సర్” లేదు, “ఇంట్లో ఒప్పుకోరు” లేదు, “ఈ వారం బిజీగా ఉన్నాను” లేదు. ఇంట్లో ఒప్పుకోరని సాకు చెబితే ఇల్లు ఒక్కటే అడ్డమని, బిజీ అంటే వచ్చే వారం అడగవచ్చని ఎదుటివాడు అనుకునే వీలుంటుంది. తిట్లు, బెదిరింపులు కూడా ఇందులో లేవు కాబట్టి రేపు కమిటీ ముందు ఈ మెసేజ్‌ను ఎవరు చదివినా ఆమె వైపు తప్పు పట్టలేరు.

అతను ఆగలేదు. “అంత సీరియస్ ఎందుకు, జోక్ చేశాను” అన్నాడు. ఏప్రిల్ 20న సమావేశం ముగిశాక అందరూ వెళ్తుంటే ఆమెను ఆగమని, ఇలా ముభావంగా ఉండేవాళ్లకు రేటింగ్ ఎలా వస్తుందో చూస్తానన్నాడు. ఆ రాత్రి ఆమె నోటుపుస్తకంలో తేదీ, వేళ, గది, అతను అన్న మాటలు అన్నట్టుగానే, తలుపు దగ్గర ఎవరు ఉన్నారో, తరువాత తాను ఎవరికి చెప్పిందో రాసుకుంది. ఇలాంటి కేసుల్లో ఫలితాన్ని తేల్చేది చాలాసార్లు ఈ నోటే. ఆరు నెలల తరువాత “ఏదో అసభ్యంగా అన్నాడు” అని చెప్పడానికీ, ఆ రోజునే రాసుకున్న నాలుగు వాక్యాలకూ విలువలో చాలా తేడా ఉంది. స్క్రీన్‌షాట్లు నంబరు, తేదీ కనబడేలా తీయాలి. కోపంలో చాట్ మొత్తం చెరిపేసి నంబర్ బ్లాక్ చేయడం చాలామంది చేసే పొరపాటు. బ్లాక్ చేసే ముందు చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి వ్యక్తిగత మెయిల్‌కు పంపుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రమే దాచుకుంటే ఉద్యోగం వదిలిన రోజున అది కూడా పోతుంది. అదే రోజు స్నేహితురాలికో, అక్కకో చెప్పిన మెసేజ్ కూడా ఉపయోగపడుతుంది. అప్పటికే ఆమె బాధపడిందనడానికి అది ఆనవాలు.

పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఆఫీసు, ఫ్యాక్టరీ, కాలేజీ, ఆసుపత్రి, దుకాణం అన్నిటికీ ఇదే నిబంధన. సీనియర్ ఉద్యోగిని అధ్యక్షురాలు, కనీసం ఇద్దరు ఉద్యోగులు సభ్యులు, స్వచ్ఛంద సంస్థ నుంచో ఈ విషయాలు తెలిసినవారి నుంచో బయటి సభ్యుడు లేదా సభ్యురాలు ఒకరు ఉంటారు. మొత్తంలో సగానికి తగ్గకుండా స్త్రీలు ఉండాలి. బయటి సభ్యత్వం అలంకారం కోసం పెట్టింది కాదు. మేనేజ్‌మెంట్ ఒత్తిడికి లొంగని గొంతు ఒకటైనా ఉండాలని పెట్టింది. కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద కనబడకపోతే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగవచ్చు. కమిటీయే లేని సంస్థకు 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి. నియమాల ప్రకారం ఆరు ప్రతులు, ఆధారాలు, సాక్షుల పేర్లు, చిరునామాలు జతచేయాలి. సొంతంగా రాయలేని స్త్రీకి రాయడంలో సాయం చేయడం కమిటీ బాధ్యత. విశేషణాలు పేర్చడం వల్ల ఒరిగేది లేదు. మొదట ఎవరు ఎవరికి ఏమవుతారో, తరువాత తేదీల వరుసలో ఏం జరిగిందో, తాను ఎప్పుడు వద్దందో, దానివల్ల పని మీద ఏం ప్రభావం పడిందో, ఇప్పుడు ఏం కోరుతోందో రాస్తే చాలు. హెచ్‌ఆర్‌తో ఫోన్‌లో మొరపెట్టుకోవడం, మేనేజరుతో మాటల్లో చెప్పడం చట్టం దృష్టిలో ఫిర్యాదులు కావు. అలా చెప్పి, వాళ్లేదో చేస్తారని ఎదురుచూస్తూ కాలం పోగొట్టుకున్నవారు ఎందరో.

కాలం విషయంలో చట్టం కఠినమైనది. ఘటన జరిగిన నాటి నుంచి, వరుసగా జరిగితే చివరి ఘటన నుంచి మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ దాన్ని రాతలో నమోదు చేసి మరో మూడు నెలల దాకా పొడిగించవచ్చు. పై ఉదాహరణలో చివరి ఘటన ఏప్రిల్ 20 కాబట్టి గడువు జులై 20, పొడిగింపుతో అక్టోబరు 20. ఆ తరువాత తలుపు మూసుకుపోతుంది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక విశ్వవిద్యాలయ కేసులో చివరి వేధింపు 2023 ఏప్రిల్‌లో జరిగితే ఫిర్యాదు డిసెంబరు చివరలో అందింది. ఆ తరువాత తనను ఒక బాధ్యత నుంచి తప్పించడం కూడా వేధింపులో భాగమేనని ఆమె వాదించినా, అది వేరే పాలనాపరమైన చర్య అని కోర్టు అంది. ఫిర్యాదు కాలదోషం పట్టినట్టే మిగిలింది. ఈ గడువు చాలా చిన్నదన్న విమర్శలో న్యాయం ఉంది. తనకు జరిగింది వేధింపేనని ఒప్పుకోవడానికే కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. అయినా గడువు ప్రస్తుతానికి అదే.

ఫిర్యాదు అందిన ఏడు పనిదినాల్లో కమిటీ ఒక ప్రతిని అతనికి పంపుతుంది. పది పనిదినాల్లో అతను జవాబివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగించి, ఆ తరువాత పది రోజుల్లో నివేదిక ఇవ్వాలి. యాజమాన్యం 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. రెండు పక్షాలూ లాయర్లను తెచ్చుకోకూడదు. క్రిమినల్ కేసులోలా సందేహానికి తావులేని రుజువు ఇక్కడ అవసరం లేదు. ఆధారాలన్నీ కలిపి చూస్తే ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశముందో దాన్నిబట్టి తేలుస్తారు. కాబట్టి సాక్షులు లేరని ఆగిపోనక్కర్లేదు. వేధింపు సాధారణంగా సాక్షులు లేని చోటే జరుగుతుంది.

విచారణ నడిచే రోజుల్లో అతనే మేనేజరుగా కొనసాగితే ఎలా అన్నది చాలామందిని వెనక్కి లాగే భయం. దీనికి మధ్యంతర ఊరట ఉంది కానీ అది దానంతట అదే రాదు, రాతలో అడగాలి. ఇద్దరిలో ఎవరో ఒకరిని బదిలీ చేయమని, ఆమె పనితీరు నివేదిక రాసే అధికారం అతని నుంచి తీసి మరొకరికి ఇవ్వమని, మామూలు సెలవులతో సంబంధం లేకుండా మూడు నెలల దాకా సెలవు ఇవ్వమని కోరవచ్చు. రేటింగ్ భయం ఉన్న కేసుల్లో వీటిలో రెండోది ఎంతో విలువైనది.

రాజీ కూడా చట్టంలో ఉంది. దాన్ని ఆమె అడగాలి, కమిటీ అడగకూడదు, డబ్బు ప్రాతిపదికగా కుదర్చకూడదు. ఆచరణలో “అతని పెళ్లాం పిల్లలు రోడ్డున పడతారమ్మా” అంటూ సర్దుకుపొమ్మని నచ్చజెప్పే పెద్దమనుషులు కమిటీల్లో కూడా కనబడతారు. ఫిర్యాదు తప్పని తేలితే ఆమె మీదే చర్య తీసుకుంటారన్న బెదిరింపు దానికి తోడు. చట్టం చెప్పేది వేరు. కావాలని దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినట్టు విడిగా విచారించి తేల్చితేనే చర్య ఉంటుంది. కేవలం రుజువు చేయలేకపోవడం నేరం కాదు. పేర్లు, వివరాలు బయటపెట్టడం మాత్రం తప్పు, అది కమిటీ సభ్యులకు కూడా వర్తిస్తుంది. ఆరోపణ రుజువైతే రాతపూర్వక క్షమాపణ నుంచి ఇంక్రిమెంట్ ఆపడం, ఉద్యోగం నుంచి తొలగించడం దాకా శిక్షలుంటాయి. అతని జీతంలోంచి ఆమెకు పరిహారం కూడా ఇప్పించవచ్చు.

పదిమంది లేని చోట్ల సంగతి వేరు. బట్టల దుకాణంలో సేల్స్ అమ్మాయి, చిన్న క్లినిక్‌లో నర్సు, ఇళ్లలో పనిచేసే మహిళ, యజమానే వేధిస్తున్న ఏ సంస్థలోనైనా ఉద్యోగిని జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. కలెక్టరు స్థాయి అధికారి దీన్ని ఏర్పాటు చేస్తారు. గ్రామీణ ప్రాంతాల్లో ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో స్థానిక కమిటీకి చేరవేసే నోడల్ అధికారి ఉండాలని చట్టం చెబుతుంది. ఈ ఏర్పాట్లలో అలసత్వం ఎంత ఉందంటే, 2023లోనూ 2024లోనూ సుప్రీంకోర్టు అధికారులకు వరుసగా ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ నడిపే షీ-బాక్స్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అది ఆ సంస్థ కమిటీకో, జిల్లా కమిటీకో చేరుతుంది.

పోలీసు దారి దీనికి సమాంతరంగా ఉంటుంది. ఒకటి పట్టినందుకు రెండోది మూసుకోదు. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద తాకడం, లైంగిక కోరిక కోరడం, అశ్లీలం చూపించడం లాంటివాటికి మూడేళ్ల దాకా, లైంగిక వ్యాఖ్యలకు ఏడాది దాకా జైలు ఉంది. వద్దన్నా వెంటపడి సంప్రదించడం, ఆన్‌లైన్ కదలికల మీద కన్నేయడం 78వ సెక్షన్ కింద వేరే నేరం. తెలంగాణలో 2014లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ ఇలాంటి ఫిర్యాదులు తీసుకుంటాయి. రెండు రాష్ట్రాల్లోనూ 181 మహిళా హెల్ప్‌లైన్ పనిచేస్తుంది. పోష్ చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు స్త్రీలకు మాత్రమే ఉంది. వేధింపుకు గురైన పురుష ఉద్యోగికి సంస్థ సొంత నియమావళి, సాధారణ చట్టాలే దిక్కు.

కమిటీ సిఫార్సు నచ్చకపోయినా, యాజమాన్యం దాన్ని అమలు చేయకపోయినా ఇద్దరిలో ఎవరైనా 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆ అప్పీలుకు నివేదిక ప్రతి కావాలి. దాన్ని ఇద్దరికీ ఇచ్చి తీరాల్సిన బాధ్యత కమిటీదే కాబట్టి, ఇవ్వకపోతే రాతలో అడిగి తీసుకోవాలి.